గడువు దాటిన రోజు రాసే ఉత్తరం

పని అప్పగించినవారికి మాట ఇచ్చిన తేదీ దాటిపోయాక రాయవలసి వచ్చే చిన్న మెయిల్ గురించి ఈ పూట మాట్లాడుకుందాం. పదిహేను పదహారు వాక్యాలకు మించని ఉత్తరం అది. రాసేవాడికి ఆ సమయంలో చేతిలో ఉన్న పనే ఎక్కువ, పైగా మనసులో కంగారు. అందుకే అందులో వ్యాకరణం తప్పుతుంది, గొంతూ తప్పుతుంది. ఒకచోట కాళ్ళావేళ్ళా పడతాం, తరువాతి వాక్యంలోనే నెపం ఎదుటివారి మీదికి నెట్టేస్తాం. నేను గమనించినది ఏమిటంటే, తెలుగులో ఈ రెండు తప్పులూ చాలావరకు ఒకే మాటల దగ్గర పడతాయి. క్రియను సరిచేస్తే గొంతు కూడా దానంతటదే కుదురుకుంటుంది. ఒక ఉదాహరణ తీసుకుని, వాక్యం వెంట వాక్యం చూద్దాం.

విజయవాడలో పుస్తకాలకు పేజీలు కట్టే చిన్న డీటీపీ సంస్థ ఒకటి ఉందనుకోండి. ఒక ప్రచురణ సంస్థ వారికి కథల పుస్తకం ఇచ్చింది. డెమ్మీ సైజు, 192 పేజీలు. పదహారు పేజీలకు ఒక ఫారం చొప్పున పన్నెండు ఫారాలు. డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కు పుస్తకం అందాలి కనుక ప్రెస్సులో ముందే రోజులు ఖాయం చేసుకున్నారు. పేజీల ఫైళ్ళన్నీ 10వ తేదీ బుధవారం ఇస్తామని డీటీపీవారు ఒప్పుకున్నారు. ఇవ్వలేకపోయారు. గురువారం ఉదయం ఆ సంస్థ నడిపే ఆయన మెయిల్ రాయడానికి కూర్చున్నాడు. ఆయన మొదట రాసుకున్న ఉత్తరం ఇలా ఉంది, వినండి.

“విషయం: సారీ సార్. గౌరవనీయులైన సార్ గారికి. మన పుస్తకం ఫైళ్ళు బుధవారం లోపు తమకు పంపించబడవలసి ఉండగా, కొన్ని అనివార్య కారణాల వలన పంపబడలేదు. ఇందుకు మేము చాలా చాలా సిగ్గుపడుతున్నాను. మీరు ఇచ్చిన మ్యాటర్ పాత ఫాంటులో ఉండటం మూలంగా అక్షరాలు చెదిరిపోయింది. దానితో పని ఆలస్యం కావడం జరిగింది. మా ఆపరేటర్ కూడా సెలవులో ఉన్నారు. వీలైనంత త్వరగా ఫైళ్ళు పంపబడతాయి. ఇలాంటిది జీవితంలో మళ్ళీ జరగదని హామీ ఇస్తున్నాము. దయచేసి పెద్ద మనసుతో క్షమించగలరని ప్రార్థన. తమకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. ఇట్లు, తమ విధేయుడు.”

చదివితే ఈయన మంచివాడేనని, నిజంగానే బాధపడుతున్నాడని తెలుస్తుంది. కానీ అవతల ప్రచురణ సంస్థ మేనేజరు ఈ మెయిల్ తెరిచింది ఒకే ఒక సంగతి తెలుసుకోవడానికి: ఫైళ్ళు ఎప్పుడొస్తాయి? ఆయన ప్రెస్సుకు ఫోన్ చేసి ఏదో ఒకటి చెప్పాలి. ఇంత ఉత్తరంలో ఆ జవాబు లేదు. “వీలైనంత త్వరగా” అన్న మాటతో ప్రెస్సువాళ్ళు మెషీన్ ఖాళీగా ఉంచరు.

ముందు చిన్న తప్పులు తీసేద్దాం. “మేము సిగ్గుపడుతున్నాను” అన్నచోట కర్త బహువచనం, క్రియ ఏకవచనం. “అక్షరాలు చెదిరిపోయింది” అన్నదీ అలాంటిదే, చెదిరిపోయాయి అనాలి. మొదటి వాక్యంలో “తమకు” అని మొదలుపెట్టి మధ్యలో “మీరు ఇచ్చిన మ్యాటర్” అన్నాడు, చివర మళ్ళీ “తమకు” అన్నాడు. మీరు అంటే చాలు, మొదటి నుంచి చివరి వరకు మీరే. “సార్ గారికి” అన్నదాంట్లో గౌరవం రెండుసార్లు పడింది. “మేనేజర్ గారికి” అన్నా, పేరు పెట్టి ఫలానా గారికి అన్నా సరిపోతుంది. కంప్యూటర్‌లో అక్షరదోషాలు చూపే సాధనం ఉన్నా ఇలాంటివి పట్టుకోదు. విడివిడిగా చూస్తే ప్రతి మాటా సరైనదే కదా. బిగ్గరగా ఒకసారి చదువుకుంటే మాత్రం చెవికి తగులుతాయి.

“మేము” దగ్గర ఇంకాస్త ఆగాలి. ఉత్తరం రాసేది ఒక మనిషి, ఆలస్యం చేసింది ఒక సంస్థ. అందుకే నేను, మేము కలగాపులగం అవుతాయి. రెండూ వాడవచ్చు, అయితే ఎవరు చేసిన పనికి వారి క్రియ ఉండాలి. మాట ఇచ్చింది సంస్థ కనుక “ఒప్పుకున్నాం” అనాలి. కూర్చుని ఫైళ్ళు పంపేది ఆయనే కనుక అక్కడ “పంపుతాను” అనాలి. అలా మారినప్పుడు చదివేవారికి ఫలానా పని ఒక మనిషి తన మీద వేసుకున్నాడని అర్థమవుతుంది. ఊరికే మారితే కంగారు మాత్రమే కనిపిస్తుంది.

ఇక “మన పుస్తకం”. మామూలు రోజుల్లో ఈ మాట బాగుంటుంది. కలిసి పనిచేసేవారు మన పుస్తకం, మన పని అనుకోవడంలో తప్పేమీ లేదు. కానీ “మనం”లో ఎదుటివారు కూడా ఉంటారు, “మేం”లో ఉండరు. కొందరు ఇంకో అడుగు ముందుకు వేసి “మన పని కాస్త ఆలస్యమైంది” అని రాస్తారు. ఆ ఒక్క మాటతో తేదీ తప్పని మనిషి కూడా తేదీ తప్పినవారి జట్టులో చేరిపోతాడు. ఆయన దాన్ని విడదీసి చెప్పలేకపోవచ్చు, మనసు చివుక్కుమనడం మాత్రం ఖాయం. పుస్తకం ఆయనది, ఆలస్యం మాది అన్నట్టుగా సర్వనామాలు పడాలి.

ఇప్పుడు అసలు చోటికి వద్దాం. “పంపించబడవలసి ఉండగా పంపబడలేదు”, “ఆలస్యం కావడం జరిగింది”, “ఫైళ్ళు పంపబడతాయి”. ఈ మూడింటిలోనూ మనిషి లేడు. పంపవలసినవారు ఎవరు, పంపనిది ఎవరు, ఇక ముందు పంపేది ఎవరు? నోటితో మాట్లాడేటప్పుడు మనం “పంపబడలేదు” అనం. ఫోన్లో అడిగితే “పంపలేకపోయామండీ” అంటాం. కాగితం మీదికి వచ్చేసరికి ఆఫీసు భాష పూనుతుంది. “బడు” చేర్చడం, “డం జరిగింది” అనడం మర్యాదని మనకు అలవాటు చేశారు. మామూలు వార్త రాసేటప్పుడు దానివల్ల వాక్యం సాగదీసినట్టుంటుంది, అంతే. క్షమాపణ ఉత్తరంలో నష్టం ఇంకా ఎక్కువ, ఎందుకంటే చేసినవాడు తప్పుకున్నట్టు వినిపిస్తుంది. రాసిన ఆయనకు ఆ ఉద్దేశం లేకపోయినా సరే.

దీన్ని సరిచేయడం తేలిక. ప్రతి క్రియ దగ్గర ఆగి “ఎవరు?” అని అడగండి. జవాబు వాక్యంలో ఉండాలి, లేదా క్రియ చివర తెలియాలి. “బుధవారం మీకు అందజేస్తామని ఒప్పుకున్నాం. అందజేయలేకపోయాం.” తెలుగులో ఉన్న గొప్ప వసతి ఇది, మేము అని వేరే చెప్పనక్కర్లేకుండా క్రియే చెప్పేస్తుంది. రెండు చిన్న వాక్యాల్లో బాధ్యత ఎవరిదో తేలిపోయింది. సిగ్గుపడుతున్నామని చెప్పనవసరం లేకపోయింది.

ఇంగ్లీషులో రాసేవారికి కూడా ఇదే చోట కాలు జారుతుంది. హైదరాబాదులోనూ విశాఖలోనూ చాలామంది క్లయింట్లకు రాసేది ఇంగ్లీషులోనే కదా. “ద డిలే వజ్ హ్యాపెన్డ్” అని రాస్తారు. హ్యాపెన్ అన్న క్రియకు ముందు వజ్ రాకూడదు, “ద డిలే హ్యాపెన్డ్” అనాలి. అలా దిద్దితే వ్యాకరణం సరిపోతుంది కానీ మనిషి ఇంకా రాలేదు. “వీ మిస్డ్ ద డేట్” అంటే రెండూ సరిపోతాయి. ఇంకొకటి, “వీ హావ్ నాట్ సెంట్ ద ఫైల్స్ ఎస్టర్డే” అంటారు. నిన్న అని రోజు చెప్పాక ఇంగ్లీషులో హావ్ సెంట్ కుదరదు, “వీ డిడ్ నాట్ సెండ్ ద ఫైల్స్ ఎస్టర్డే” అనాలి. గడువు గురించి రాసే ఉత్తరంలో తేదీలూ రోజులూ తప్పకుండా వస్తాయి కనుక ఈ తప్పు అక్కడే ఎక్కువగా కనిపిస్తుంది. “ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్”, “కైండ్లీ రివర్ట్ బ్యాక్” వంటివి తీసేసి, ఏం కావాలో అది అడిగితే చాలు.

మళ్ళీ తెలుగు మెయిల్‌కు వద్దాం. “పంపబడతాయి”ని దిద్ది “త్వరగా పంపుతాం” అన్నా ఒక చిక్కుంది. తెలుగులో “పంపుతాం” అన్న రూపం అలవాటుకూ వాడతాం, రాబోయే కాలానికీ వాడతాం. “మేం రోజూ ఫైళ్ళు పంపుతాం” అంటే అలవాటు, “రేపు పంపుతాం” అంటే భవిష్యత్తు. క్రియ ఒకటే, కాలాన్ని తేల్చేది పక్కనున్న మాట. ఆ పక్క మాట “త్వరగా” అయితే క్రియ గాల్లో వేలాడుతుంది. రోజు, తేదీ, గంట మూడూ పెట్టాలి. “లోపు” అన్నదాంతో కూడా జాగ్రత్త. “శనివారం లోపు” అంటే కొందరికి శుక్రవారం రాత్రికి అని అర్థం, కొందరికి శనివారం కూడా కలిసే ఉంటుంది. “13వ తేదీ శనివారం సాయంత్రం 4 గంటలకల్లా” అంటే ఇద్దరికీ ఒకటే అర్థం.

ఆ గంట ఎక్కడి నుంచి వస్తుంది? ఊహించి పెట్టకూడదు, లెక్క వేసి పెట్టాలి. అందుకు ఆలస్యం ఎందుకైందో కాస్త చూడాలి. తెలుగు డీటీపీలో ఏళ్ళ తరబడి అను ఫాంట్లు వాడారు. వాటిలో ఫైలులో దాగేది అక్షరం కాదు, అక్షరం ఆకారం. తలకట్టు వేరు, వత్తు వేరు, గుడి వేరు. దాన్ని యూనికోడ్‌లోకి మార్చాలంటే మార్పిడి సాధనం ఆ ముక్కల్ని ఏరి, సరైన వరుసలో పేర్చాలి. టైపు చేసిన ఫాంటు ఒకటై, సాధనం ఇంకొకటి అనుకుంటే వత్తులు జారిపోతాయి. మన ఉదాహరణలో చివరి కథలు కొన్ని వేరే చోట, వేరే రకంగా టైపయ్యాయి. 129వ పేజీ నుంచి కొన్ని చోట్ల వత్తులు మాయమయ్యాయి. “రాత్రి” కాస్తా “రాతి” అయింది. “పాత్ర” కాస్తా “పాత” అయింది.

ఇందులో ఉన్న ప్రమాదం చూడండి. రాతి అన్నది మంచి తెలుగు మాటే, పాత కూడా అంతే. చూపుతో పేజీ తిప్పేస్తే దొరకవు, తప్పులు పట్టే సాధనానికీ దొరకవు. మూలప్రతి పక్కన పెట్టుకుని మాటకు మాట పోల్చి చదివితేనే దొరుకుతాయి. సోమవారం ప్రూఫు చూస్తున్న ఆయనకు ఒక వాక్యం అర్థం కాక ఆగితే సంగతి బయటపడింది. రెండు రోజుల్లో సర్దేద్దామనుకున్నారు, సర్దలేకపోయారు.

చదవాల్సినవి నాలుగు ఫారాలు, అంటే 64 పేజీలు. పోల్చి చదవడానికి ఇద్దరున్నారు. ఒక్కొక్కరు రోజుకు ఒక ఫారం జాగ్రత్తగా చదవగలరు. గురువారం రెండు, శుక్రవారం రెండు. శనివారం ఉదయం దిద్దుబాట్లు ఎక్కించి, పేజీ సంఖ్యలు సరిచూసుకోవాలి. సాయంత్రం నాలుగు అన్న గంట ఇలా తేలింది. మధ్యాహ్నం రెండుకే అయిపోవచ్చు, అయినా నాలుగు అనే రాయాలి. మొదటి తేదీ తప్పినవారు రెండోది కూడా తప్పితే మూడో తేదీని ఎవరూ నమ్మరు. లెక్క శనివారానికి తేలకపోతే సోమవారం అని ఇప్పుడే చెప్పడం నయం. మేనేజరుకు కోపం వస్తుంది, అయినా ప్రెస్సుతో మాట్లాడుకోవడానికి ఆయన చేతిలో నిజమైన తేదీ ఉంటుంది.

అలా లెక్క వేస్తున్నప్పుడే ఇంకో సంగతి తేలుతుంది. పన్నెండు ఫారాల్లో చెడింది చివరి నాలుగే కదా, మిగిలిన ఎనిమిదీ ఇప్పుడే ఇచ్చేయవచ్చా? ఎనిమిదీ ఇవ్వలేం. మొదటి ఫారంలో విషయసూచిక ఉంది. చివరి కథల్లో వత్తులు తిరిగి చేరాక ఒక పంక్తి అటూ ఇటూ అయి, కథ మొదలయ్యే పేజీ మారితే సూచికలోని సంఖ్య తప్పవుతుంది. కనుక మొదటి ఫారం చివరివాటితోనే రావాలి. రెండు నుంచి ఎనిమిది వరకు, ఏడు ఫారాలు, 17వ పేజీ నుంచి 128 వరకు ఇప్పుడే పంపవచ్చు. వాటికి ప్లేట్లు తీయించి, కావాలంటే అచ్చు మొదలుపెట్టవచ్చు. మేనేజరుకు ఈ ఏడు ఫారాలు చేసినంత మేలు ఎన్ని క్షమాపణలూ చేయలేవు. ఆ కంగారు ఉత్తరంలో ఈ సంగతి అసలు లేనే లేదు. రాసినాయనకు తెలియక కాదు, పనంతా పాడైపోయిందన్న భావనలో చేతిలో ఉన్న ఏడు ఫారాలు ఆయన కంటికి కనబడలేదు.

కారణం ఎంత చెప్పాలన్నది తరువాతి ప్రశ్న. “అనివార్య కారణాలు” అంటే ఏమీ చెప్పనట్టే. నిజంగా అనివార్యమైతే అదేమిటో చెప్పడానికి సంకోచం దేనికని చదివేవారు అనుకుంటారు. అటు అను ఫాంట్ల చరిత్రంతా చెప్పినా వినే ఓపిక ఆయనకు లేదు. ఏం జరిగింది, అందులో మా లోపం ఏమిటి, ఇప్పుడు ఏం చేస్తున్నాం అన్న మూడు సంగతులు మూడు వాక్యాల్లో చెబితే సరిపోతుంది.

“మీరు ఇచ్చిన మ్యాటర్ పాత ఫాంటులో ఉండటం మూలంగా” అన్న వాక్యం అబద్ధం కాదు. మ్యాటర్ పాత ఫాంటులోనే వచ్చింది. కానీ తీసుకున్న రోజే ఆ సంగతి తెలుసు, తెలిసే తేదీ ఒప్పుకున్నారు. కనుక లోపం ఫాంటులో లేదు, మార్చిన వెంటనే పోల్చి చూసుకోకపోవడంలో ఉంది. నిజంగానే క్లయింటు వైపు నుంచి ఆలస్యం జరిగి ఉంటే, ఉదాహరణకు రెండు కథలు వారం ఆలస్యంగా వచ్చి ఉంటే, అవి వచ్చిన రోజే రాయవలసిన సంగతి అది. గడువు దాటాక క్షమాపణ మధ్యలో ఇరికిస్తే క్షమాపణ పోయి తగువు మిగులుతుంది. ఆపరేటర్ సెలవు సంగతి కూడా తీసేయాలి. అది సంస్థ లోపలి వ్యవహారం. పైగా తన దగ్గర పనిచేసే మనిషిని బయటివారి ముందు నిలబెట్టినట్టవుతుంది, నాకు అది ఎంతమాత్రం నచ్చదు.

క్షమాపణ వాక్యం దగ్గరికి వద్దాం. ఆ ఉత్తరంలో అది నాలుగు చోట్ల ఉంది: విషయంలో సారీ, తరువాత సిగ్గుపడటం, ఆ తరువాత పెద్ద మనసుతో క్షమించగలరని ప్రార్థన, చివర చింతిస్తున్నాము. ఒకసారి చెబితే క్షమాపణ, నాలుగుసార్లు చెబితే ఓదార్చమని అడిగినట్టు ఉంటుంది. తేదీ పోగొట్టుకున్న మనిషే “ఫర్వాలేదు లెండి” అని సముదాయించాల్సి వస్తుంది. “క్షమించగలరు” అన్నది ఆఫీసు నోటీసుల్లో “గమనించగలరు” అన్న తీరులో వచ్చింది. దానికి “దయచేసి”, “ప్రార్థన” కూడా తోడైతే ఒకే కోరికకు మూడు తొడుగులు. “అసౌకర్యానికి చింతిస్తున్నాము” అన్నది రైల్వే స్టేషన్లో మైకులో ఇన్నిసార్లు విన్నాక ఎవరి చెవికీ ఎక్కదు. “క్షమించండి” అన్న ఒక్క మాట, తేదీ తప్పామని ఒప్పుకున్న వాక్యం వెంటనే పెడితే చాలు. అక్కడైతే దేనికి క్షమించాలో కూడా తెలుస్తుంది.

“జీవితంలో మళ్ళీ జరగదు” అన్న హామీ ఎవరూ నిలబెట్టుకోగలిగేది కాదు, అడిగినవారూ లేరు. దాని బదులు రేపటికి నిలబెట్టుకోగలిగిన చిన్న మాట ఒకటి ఇవ్వాలి. శుక్రవారం సాయంత్రం ఆరు గంటలకు ఎంతవరకు వచ్చిందో చెబుతాను అనడం అలాంటిది. ఎదుటివారికి శనివారం దాకా గోళ్ళు కొరుక్కుంటూ కూర్చోవాల్సిన అవసరం ఉండదు. డబ్బు తగ్గిస్తామన్న మాట ఈ ఉత్తరంలో వద్దంటాను. ఒప్పందంలో ఆలస్యానికి కోత రాసుకుని ఉంటే దాని ప్రకారం బిల్లులో చూపించాలి. లేకపోతే, వారు అడిగినప్పుడు మాట్లాడుకోవాలి.

ఇప్పుడు దిద్దిన ఉత్తరం వినండి.

“విషయం: కథల పుస్తకం. ఏడు ఫారాలు ఇప్పుడు, మిగిలిన ఐదు శనివారం సాయంత్రం.

మేనేజర్ గారికి నమస్కారం. ఉదయం ఫోన్లో చెప్పిన సంగతులు ఇక్కడ రాసి ఉంచుతున్నాను. పుస్తకం పేజీలన్నీ నిన్న, 10వ తేదీ బుధవారం, మీకు అందజేస్తామని ఒప్పుకున్నాం. అందజేయలేకపోయాం. క్షమించండి.

రెండు నుంచి ఎనిమిది వరకు ఫారాలు, అంటే 17 నుంచి 128 వరకు పేజీలు, సిద్ధంగా ఉన్నాయి. ఈ మెయిల్‌తో పంపుతున్నాను. వీటిలో ఇక మార్పులు ఉండవు, ప్లేట్లకు ఇవ్వవచ్చు. మిగిలిన ఐదు ఫారాలు 13వ తేదీ శనివారం సాయంత్రం 4 గంటలకల్లా పంపుతాను. విషయసూచిక మొదటి ఫారంలో ఉన్నందువల్ల దాన్ని చివరి నాలుగు ఫారాలతో కలిపి ఇస్తున్నాం.

పాత ఫాంటు నుంచి యూనికోడ్‌లోకి మార్చినప్పుడు 129వ పేజీ నుంచి కొన్ని వత్తులు పోయాయి. మార్చిన వెంటనే మేం మూలంతో పోల్చి చూడలేదు, అందువల్ల సోమవారం దాకా ఈ సంగతి తెలియలేదు. ఇప్పుడు ఇద్దరు ఆ పేజీలన్నీ మూలప్రతి పక్కన పెట్టుకుని చదువుతున్నారు.

ఎంతవరకు వచ్చిందో రేపు సాయంత్రం 6 గంటలకు తెలియజేస్తాను. ఈ తేదీ మీ ప్రెస్సుకు కుదరకపోతే ఈ రోజే చెప్పండి. ఏ ఫారం ముందు కావాలంటే దాన్ని ముందు పూర్తి చేస్తాం. ఇట్లు.” కింద పేరు, ఫోన్ నంబరు.

మొదటి ఉత్తరం కంటే ఇది పొడుగే. పెరిగినదంతా మేనేజరుకు పనికొచ్చే సమాచారం. ఇంకా చిన్నది కావాలంటే కారణం చెప్పిన భాగాన్ని ఒక వాక్యానికి కుదించవచ్చు. తేదీ ఉన్న భాగాన్ని మాత్రం ముట్టుకోకూడదు. విషయం దగ్గర రాసినదాన్ని కూడా చూడండి. మేనేజరు ఫోన్ తెర మీద మెయిల్ తెరవకుండానే ఆ వరుస చదువుతాడు. సారీ సార్ అని ఉంటే గుండె గుభేలుమంటుంది, ఏమైందో తెలియదు. ఏడు ఇప్పుడు, ఐదు శనివారం అని ఉంటే తెరవకుండానే సగం పని అయింది. రెండు నెలల తరువాత ఎప్పుడైనా వెతకాల్సి వచ్చినా ఆ వరుస చూసి దొరకబుచ్చుకోవచ్చు.

ఫోన్లో చెప్పిన సంగతులు అన్నాను. మన దగ్గర పని సంబంధాలు చాలావరకు మాట మీదే నడుస్తాయి కనుక ముందు ఫోన్ చేసి చెప్పి, తరువాత మెయిల్ పెట్టడం మర్యాద. ఫోన్ ఎత్తకపోతే ఆ వాక్యం తీసేసి మెయిల్ ముందే పంపాలి, ఫోన్ కోసం మధ్యాహ్నం దాకా ఆగకూడదు. నిజానికి ఈ ఉత్తరం సోమవారం సాయంత్రమే వెళ్ళి ఉంటే ఇంకా బాగుండేది. అప్పటికి గడువు దాటలేదు, ప్రెస్సువారికి రెండు రోజుల వ్యవధి ఉండేది, “అందజేయలేకపోయాం” అన్న వాక్యం “అందజేయలేం” అయ్యేది. రెండు రోజుల్లో ఎలాగోలా సర్దేస్తామన్న ఆశతో ఆగడం మనుషులకు సహజమే. అందుకే వత్తులు పోయిన పేజీ కంటపడిన రోజునే, ఇంకెన్ని పేజీలు చదవాలో లెక్క వేసుకోమంటాను. లెక్క బుధవారం దాటితే మెయిల్ ఆ రాత్రికే వెళ్ళాలి.

పంపే ముందు ఒక చిన్న జాగ్రత్త. “ఈ మెయిల్‌తో పంపుతున్నాను” అని రాసి ఫైలు జతచేయకుండా పంపేవారు చాలామంది. ఇలాంటి రోజున అది జరిగితే ఉత్తరంలో ఉన్న స్థిమితం అంతా పోతుంది. ముందు ఫైళ్ళు జతచేసి, ఆ తరువాతే ఉత్తరం రాయడం మొదలుపెట్టండి. జీమెయిల్‌లో జతచేసే ఫైళ్ళకు 25 ఎంబీ పరిమితి ఉంది. బొమ్మలున్న పుస్తకమైతే ఏడు ఫారాల పీడీఎఫ్‌లు దాన్ని తేలిగ్గా దాటుతాయి. అప్పుడు డ్రైవ్‌లో పెట్టి లింకు ఇవ్వాలి, అది అవతలివారికి తెరుచుకునేలా అనుమతి ఇచ్చారో లేదో ఇంకొక ఫోన్లో తెరిచి చూసుకోవాలి. లింకు నొక్కిన మేనేజరుకు అనుమతి కోరమని తెర అడిగితే ఇంకో పూట గడిచిపోతుంది.

మేనేజరు నుంచి కోపంగా జవాబు రావచ్చు. “ఇప్పుడా చెప్పేది?” అని ఒకే వాక్యం రావచ్చు. దానికి మళ్ళీ క్షమాపణలు మొదలుపెట్టవద్దు, సంజాయిషీ కూడా వద్దు. ఆ జవాబులో పనికి సంబంధించిన ప్రశ్న ఏదైనా ఉందేమో చూసి, దానికి మాత్రం బదులు రాయండి. పదో ఫారం ముందు కావాలని ఆయన అడిగారనుకోండి. “సోమవారమే చెప్పి ఉండాల్సింది, నిజమే. పదో ఫారం ముందు కావాలన్నారు కనుక రేపు మధ్యాహ్నానికి అది పంపుతాను” అంటే చాలు. ఒప్పుకోవలసింది ఒప్పుకున్నాం, వెంటనే పనిలోకి వచ్చాం.

ఇక శుక్రవారం సాయంత్రం ఆరు గంటలకు పంపుతానన్న మెయిల్. అన్నీ సవ్యంగా జరిగినా అది పంపాలి. చెప్పడానికి కొత్త సంగతి ఏముందని చాలామంది మానేస్తారు, దాంతో రెండో మాట కూడా తప్పినట్టవుతుంది. అందులో నమస్కారం తరువాత రెండు వాక్యాలు చాలు: “9 నుంచి 12 వరకు నాలుగు ఫారాలూ మూలంతో పోల్చి చదవడం పూర్తయింది, రేపు ఉదయం దిద్దుబాట్లు ఎక్కిస్తున్నాం. మొదటి ఫారంతో కలిపి ఐదూ రేపు సాయంత్రం 4 గంటలకల్లా మీకు పంపుతాను.” ఒకవేళ పన్నెండో ఫారం ఇంకా సగంలో ఉంటే అదే రాయండి, ఎన్ని పేజీలు మిగిలాయో సంఖ్యతో సహా.